అచ్చు మొదలయ్యాక వచ్చే మార్పులు



పోయిన సమావేశం అయ్యాక భోజనాల దగ్గర ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు. ఒకరు కుట్టుపని చేస్తారు, ఒకరు బీరువాలు చేస్తారు, ఒకరు శుభలేఖలు అచ్చు వేస్తారు. ముగ్గురి బాధా ఒకటే. ఆర్డరు ఒప్పుకొని, అడ్వాన్సు తీసుకొని, పని సగంలో ఉన్నప్పుడు కస్టమరు వచ్చి "అది అట్లా కాదు, ఇట్లా చెయ్యండి" అంటాడు. రెండు దినాలకు మళ్ళీ ఇంకొకటి అంటాడు. కోప్పడితే ఆర్డరు పోతుంది, ఊరుకుంటే లాభం పోతుంది. అందులోనూ కస్టమరు మనవాడే అయితే, ఏదో ఒక వరుసలో చుట్టమే అయితే, నోరే రాదు.

అక్కడ నిలబడి చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే. నేను చదివింది తమిళంలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

రైల్వేలో రిటైరయ్యాక నేను వారానికి నాలుగు దినాలు శివకాశిలో మా అక్క కొడుకు అచ్చాఫీసులో కూర్చుంటున్నాను. పని పెద్దదేమీ కాదు, ఆర్డరు పుస్తకం రాయడం, లెక్క చూడడం. రెండేళ్ళ కిందట అక్కడ జరిగిన ఒక క్యాలెండరు ఆర్డరు గురించి చెబుతాను. ఆ కస్టమరు పేరు, కొట్టు పేరు అవసరం లేదు. కోవిల్‌పట్టిలో కడలమిఠాయి చేసి అమ్మే కుటుంబం, మన తెలుగువాళ్ళే. కోవిల్‌పట్టి కడలమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ తర్వాత వాళ్ళ వ్యాపారం బాగా పెరిగింది. దానితో మొదటిసారి సొంత డిజైనుతో క్యాలెండరు వేయించాలనుకున్నారు.

ముందు ఈ పని ఎలా జరుగుతుందో తెలియాలి. మన వైపు ఇళ్ళల్లో గోడకు వేలాడే దినసరి క్యాలెండరులో రెండు భాగాలుంటాయి. ఒకటి అట్ట. దాని మీద దేవుడి బొమ్మ, కింద కొట్టు పేరు. రెండోది దినానికి ఒక కాగితం చించే తేదీల కట్ట. ఈ తేదీల కట్ట అందరికీ ఒకటే. లక్షల లెక్కలో ఒకేసారి అచ్చవుతుంది. ప్రభుత్వం సెలవుల జాబితా ఇచ్చాకే అది పూర్తవుతుంది. కస్టమరుకని వేరేగా చేసేది అట్ట ఒక్కటే.

ఆ అట్టలోనూ రెండు రకాలు. ఆడి పద్దెనిమిది నాడు శివకాశిలో కొత్త క్యాలెండర్ల ఆల్బములు బయటికి వస్తాయి. అందులోంచి ఒక బొమ్మ ఎంచుకుంటే, రంగుల అచ్చు ముందే అయిపోయి ఉంటుంది. కింద ఖాళీగా వదిలిన పట్టీలో కొట్టు పేరు మాత్రం నల్ల సిరాతో వేసి ఇస్తారు. ఇది చవక, త్వరగా అవుతుంది. "మా తాత ఫోటో వేయాలి, మా ఊరి గుడి గోపురం వేయాలి" అంటే అది సొంత డిజైను. మొదటి నుంచి చివరిదాకా ఆ కస్టమరు కోసమే చెయ్యాలి. మార్పుల గోల అంతా ఈ రెండో రకంలోనే.

ఆర్డరు ఇది. 2000 క్యాలెండర్లు, ఒక్కొక్కటి 40 రూపాయలు, మొత్తం 80,000. సగం అడ్వాన్సు. అట్ట సుమారు పది అంగుళాల వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు. పెద్ద షీటు ఒకదాని మీద నాలుగు అట్టలు పడతాయి. అంటే 500 షీట్లు చాలాలి. కానీ చాలవు. మిషను మీద నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా కొన్ని షీట్లు పాడవుతాయి. అల్లుడు దానికి 100 షీట్లు వేసుకుంటాడు. ఈ నూరు షీట్లను గుర్తుపెట్టుకోండి, కథంతా వీటి చుట్టూ తిరుగుతుంది. అన్ని ఖర్చులూ పోను వాడికి మిగిలేది అట్టకు నాలుగు రూపాయలు, అంటే మొత్తం మీద 8,000.

సెప్టెంబరులో డిజైను తయారైంది. మధ్యలో తాత ఫోటో, వెనక నీలం రంగు, పైన గుడి గోపురం. మొదటి మార్పు వెంటనే వచ్చింది: ఫోను నంబరు మారింది. అప్పటికి పని కంప్యూటరులోనే ఉంది. ఐదు నిమిషాల పని, ఎవరికీ నష్టం లేదు.

తర్వాత ప్లేట్లు వేశారు. చదువుకున్నవాళ్ళకు కూడా ఇది తెలియదు, కాబట్టి చెబుతాను. ఆఫ్‌సెట్ అచ్చులో రంగుకొక ప్లేటు: నీలం, గులాబి, పసుపు, నలుపు. పల్చటి అల్యూమినియం రేకు. ఒక్కొక్కటి అల్లుడికి 300 రూపాయలు పడుతుంది. ప్లేటు మీద ఒకసారి బొమ్మ పడిందంటే దాన్ని చెరిపి రాయడానికి లేదు. చుక్క మారినా కొత్త రేకే.

ప్లేట్లు వేసిన మరునాడు ఆ ఇంటి కొడుకు ఫోను చేశాడు: "అన్నా, విరుదునగర్‌లో కొత్త బ్రాంచి తెరుస్తున్నాం, ఆ అడ్రసు కూడా చేర్చండి." అల్లుడు "సరే" అన్నాడు. అడ్రసు నల్ల అక్షరాలే కాబట్టి నల్ల ప్లేటు ఒకటే మార్చాడు. 300 రూపాయలు పోయింది. అడగలేదు. మొహమాటం.

రెండు దినాల తర్వాత ఆ ఇంటి అల్లుడి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజి వచ్చింది. వెనక నీలం బాగాలేదట, ఎవరో చెప్పారట, పసుపు కావాలట. మేము బొమ్మ పంపింది కొడుక్కి, సరే అన్నది తండ్రి, ఇప్పుడు వద్దంటున్నది ఇంటల్లుడు. మా వాడు ఆ మెసేజికి కూడా "సరే" అని కొట్టబోతున్నాడు. "ఆగరా" అన్నాను.

ఎందుకు ఆపానంటే, ఇది 300తో పోయే మార్పు కాదు. వెనక రంగు మారితే నీలం, గులాబి, పసుపు మూడు ప్లేట్లూ మారతాయి, అంటే 900. డబ్బు కన్నా పెద్దది ఇంకొకటి ఉంది. మిషను ఆ గురువారం మా పనికి కేటాయించి ఉంది. దీపావళి దాటాక శివకాశిలో మిషను దొరకడం అంటే, పొంగల్ ముందు రోజు నెల్లై ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరికినట్టే. గురువారం వదిలితే మళ్ళీ ఎప్పుడో.

నేను ఉద్యోగంలో చూసిందే ఇక్కడ పనికొచ్చింది. టికెట్టు రద్దు చేసుకునేవాళ్ళతో కౌంటరు దగ్గర రోజూ వ్యవహారమే కదా. 2015 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం, కన్‌ఫర్మ్ అయిన టికెట్టును బండి బయలుదేరడానికి 48 గంటల ముందు రద్దు చేస్తే తరగతిని బట్టి కొంచెం పట్టుకొని మిగతాది ఇచ్చేసేవాళ్ళు. 48 నుంచి 12 గంటల లోపల అయితే నాలుగో వంతు పట్టుకునేవాళ్ళు. 12 నుంచి 4 గంటల లోపల అయితే సగం. ఆ తర్వాత ఏమీ వచ్చేది కాదు. ప్రయాణికుడు ఎందుకు మానుకున్నాడని రైల్వే అడగదు. పెళ్ళి తప్పిపోయిందా, జ్వరం వచ్చిందా అన్నది లెక్కలో లేదు. బండికి ఎంత దగ్గరలో వచ్చావన్నదే లెక్క. దీని మీద కౌంటరులో జగడం ఎందుకు తక్కువంటే, ఆ రేటు ముందే అచ్చు వేసి గోడకు అంటించి ఉంటుంది. నేను అప్పటికప్పుడు చెప్పే రేటు అయితే దినానికి పది జగడాలు అయ్యేవి.

అచ్చాఫీసులోనూ అంతే. కస్టమరు మార్పు అడగడం తప్పు కాదు. పని ఏ మెట్టు మీద ఉందో అతనికి కనిపించదు. మనకు కనిపిస్తుంది. కానీ చెప్పం. చెప్పకుండా "సరే" అంటాం, లోపల ఉడుకుతాం, చివరి బిల్లులో ఎక్కడో దూరుస్తాం. అక్కడే మాట పోతుంది, చుట్టరికమూ పోతుంది.

మేము చేసిన పని చెబుతాను. పాడైన పాత ప్లేటు ఒకటి పేపర్లో చుట్టుకొని, పసుపు రంగుతో కొత్త ప్రూఫు కూడా తీసుకొని నేను బస్సెక్కి కోవిల్‌పట్టి పోయాను. ఆ ఇంటి పెద్దాయన నాకు పాత పరిచయం. నేను స్టేషనులో ఉన్నప్పుడు పార్సిలు ఆఫీసుకు వచ్చేవాడు. కొడుకు, అల్లుడు, లెక్కలు చూసే కోడలు, అందరినీ కూర్చోబెట్టమన్నాను. ప్లేటు విప్పి చేతికిచ్చాను.

"అన్నా, ఇది మీ క్యాలెండరు అచ్చుకు వేసే రేకు లాంటిది. ఇట్లాంటివి నాలుగు. రంగు మారిస్తే మూడు పారేయాలి. మూడుకు 900. గురువారం దాటితే ఐదు దినాల తర్వాతే మళ్ళీ మిషను. మార్చమంటే మారుస్తాం, వద్దంటే వద్దు. మీరు చెప్పండి."

పెద్దాయన ఆ రేకును వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశాడు. "పాకం దించాక బెల్లం తక్కువెయ్యి అంటే ఎట్లా, అదే కదా ఇది" అన్నాడు. ఆయన పనిలో ఉన్న మాటే కాబట్టి నేను ఇంక ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. వాళ్ళు పది నిమిషాలు మాట్లాడుకొని పసుపే కావాలన్నారు. 900 ఒప్పుకున్నారు. ఐదు దినాలూ ఒప్పుకున్నారు. పసుపు ప్రూఫు మీద అక్కడే సంతకం పెట్టారు.

ఇక్కడ ప్రూఫు గురించి ఒక మాట. ఫోనులో పంపిన బొమ్మను చూసి ఎవరైనా సరే అంటే దాన్ని సరే అని తీసుకోకూడదు. ఫోనులో బొమ్మ వెలుతురుతో తయారవుతుంది, కాగితం మీద సిరాతో. ఫోనులో మెరిసే నీలం కాగితం మీద కొంచెం మసకగానే వస్తుంది. ఒక్కొక్కరి ఫోనులో ఒక్కో రకంగా కనిపిస్తుంది కూడా. "నేను చూసిన రంగు ఇది కాదు" అన్న మాట సగం సార్లు నిజమే. అతను అబద్ధం చెప్పడం లేదు. అందుకే కాగితం మీద తీసి, పగటి వెలుతురులో చూపించి, దాని మీదే సంతకం తీసుకోవాలి. ఆ ప్రూఫు మిషను పక్కన అంటించి ఉంటే అచ్చు వేసేవాడికీ అదే గురి.

ఆ దినమే ఇంకో రెండు విషయాలు మాట్లాడుకున్నాం.

ఒకటి, ఇకమీదట ఆ ఇంటి తరఫున మాట్లాడేది ఒక్కరే. పెద్దాయన ఆలోచించి కోడలి పేరు చెప్పాడు. కొడుకు ముఖం కొంచెం మాడింది కానీ, ఆ ఏర్పాటే మమ్మల్ని కాపాడింది. ఆ పిల్ల ప్రతిదీ రాసిపెట్టుకునే రకం. నలుగురి కోరికలూ ముందు ఆమె దగ్గరికి పోయేవి, సగం అక్కడే తెగిపోయేవి.

రెండోది, వాయిస్ మెసేజి మీద పని చెయ్యం. ప్రతి మార్పూ ఒక చీటీ. చీటీకి ఒక నంబరు. ఇది నేను రైల్వేలోంచి తెచ్చుకున్న అలవాటు. ఒక స్టేషను మాస్టరు పక్క స్టేషనుకు బండి గురించి ఫోనులో చెప్పేటప్పుడు నోటి మాట ఒక్కటే చాలదు. ప్రైవేటు నంబరు అని ఒకటి ఇచ్చి, అవతలివాళ్ళు దాన్ని రాసుకుంటేనే ఆ మాటకు విలువ. మేము కూడా అట్లాగే చేశాం. మార్పు ఏమిటి, పని ఇప్పుడు ఏ మెట్టులో ఉంది, దీనికి ఎంత, ఎన్ని దినాలు వెనక్కి పోతుంది, ఈ నాలుగూ ఒక చీటీ మీద రాసి ఫోటో పంపేవాళ్ళం. ఆమె "మార్పు 3 సరే" అని తిరిగి టైపు చేసి పంపితేనే పని. ఆ సంఖ్య రాయకుండా వట్టి "సరే" అని వస్తే మళ్ళీ అడిగేవాళ్ళం. మొదట ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత అలవాటైంది.

అచ్చు అయింది. పసుపు బాగానే వచ్చింది, ఇంటల్లుడి కన్ను తప్పు కాదు. ఆరడానికి షీట్లు దొంతులు పెట్టి ఉంచాం. ఐప్పసి వానలు పట్టుకున్నాయి కాబట్టి ఆరడం ఆలస్యమవుతోంది. అప్పుడు నాలుగో మార్పు వచ్చింది. ఈసారి సాక్షాత్తూ పెద్దాయన కోరిక. ఇంటి దేవుడి పేరు తెలుగులో వేయాలట. "మా నాయన తెలుగులోనే మొక్కేవాడు, ఆయన ఫోటో వేసి తెలుగు ఒక్క అక్షరం లేకపోతే ఎట్లా" అన్నాడట.

ఇది కాదనలేని మాట. కానీ మెట్టును బట్టి దీని ఖర్చు ఎంత మారుతుందో చూడండి. ప్లేటు వెయ్యక ముందు అడిగి ఉంటే ఖర్చే లేదు. ప్లేటు వేశాక అయితే నల్ల ప్లేటు ఒకటి, 300. ఇప్పుడు అచ్చు అయిపోయింది, లామినేషను ఇంకా కాలేదు. కాబట్టి అదే షీట్ల మీద నలుపు ఒక్కటి ఇంకోసారి వెయ్యవచ్చు. ప్లేటు 300, మిషను 400, మొత్తం 700. లామినేషను అయిపోయి ఉంటే ఆ ప్లాస్టిక్ పొర మీద మామూలు ఆఫ్‌సెట్ సిరా నిలవదు, గోకితే ఊడిపోతుంది. స్క్రీను పెట్టి ఒక్కొక్క అట్టకు చేత్తో వెయ్యాలి, రెండు వేలకు మూడు నాలుగు వేలు అవుతుంది. తేదీల కట్ట కూడా బిగించాక అడిగితే అంటించే చీటీ తప్ప వేరే దారి లేదు.

ఇదే చీటీలో రాసి పంపాం. 700కు ఆమె సరే అంది.

ఒకసారి అచ్చయిన షీటు మీద మళ్ళీ వెయ్యడంలో ఒక చిక్కుంది. మిషను సర్దడానికి మళ్ళీ కొన్ని షీట్లు పాడవాలి కదా, అవి ఎక్కడి నుంచి వస్తాయి? మంచివి వాడితే 2000కు తక్కువ పడుతుంది. మొదటిసారి పాడైన ఆ నూరు షీట్లను అల్లుడు పారెయ్యకుండా ఉంచాడు. సర్దడానికి అవే వాడాం. సొంత డిజైను ఆర్డరు అయితే సరుకు అప్పగించేదాకా ఆ చెత్త షీట్లు బయటికి పోకూడదు. ఇంకో చిక్కు వాన. తడి గాలికి కాగితం వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన షీటు మీద రెండోసారి వేసిన అక్షరం మొదటి బొమ్మతో సరిగ్గా కలవకపోవచ్చు. అందుకని తెలుగు పేరును చట్రంలో ఇరికించకుండా గోపురం పైన ఖాళీ జాగాలో వేశాం. అర మిల్లీమీటరు జరిగినా ఎవరికీ తెలియదు.

తెలుగు అక్షరాల గొడవ వేరే ఉంది. డిజైను చేసే కుర్రవాడికి తెలుగు రాదు. నేను రాసి పంపిన పేరు వాడి కంప్యూటరులో చక్కగా ఉంది. ప్లేటు వేసే చోటికి ఫైలు పోయేసరికి వత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడ్డాయి. అక్కడ ఆ ఫాంటు లేదు. అక్షరాలను బొమ్మగా, అంటే గీతలుగా, మార్చి పంపితే ఆ బాధ ఉండదు. నేను రెండుసార్లు చదివి, పెద్దాయనకు ఒకసారి చదివి వినిపించి, సంతకం తీసుకొని తర్వాతే ప్లేటు వేయించాను. శివకాశిలో తెలుగు వేయించే మన సభ్యులు ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. అక్కడ చదివి తప్పు పట్టేవాళ్ళు చాలా తక్కువ.

ఐదో మార్పు సంఖ్యది. 2000 చాలవు, ఇంకో 500 కావాలి అన్నారు. ఎక్కువ తీసుకుంటున్నాం కాబట్టి రేటు తగ్గించమన్నారు కూడా. ఎవరైనా అట్లాగే అడుగుతారు. కానీ లెక్క తిరగబడుతుంది. ఆ లెక్క కోడలికి రాసి పంపాను. తెలుగువాళ్ళ సంఘంలో వ్యాపారులే ఎక్కువ కాబట్టి ఇక్కడా రాస్తాను.

500 అట్టలు అంటే 125 షీట్లు. షీటు 10 రూపాయలు. మొదటే 2500 అని చెప్పి ఉంటే, సర్దడానికి పాడయ్యే నూరు షీట్లు ఎట్లాగూ పాడయ్యేవే, మిషను కూలి కనీసం వెయ్యి షీట్లకు ఎట్లాగూ ఇచ్చేదే. కాబట్టి అట్ట అచ్చు వరకు అదనంగా అయ్యేది 1,250 మాత్రమే. ఇప్పుడు ప్లేట్లు ఉన్నా మళ్ళీ మొదటి నుంచి సర్దాలి. 125కు తోడు ఇంకో నూరు షీట్లు, అంటే 2,250. నాలుగు రంగులకు మిషను కూలి మళ్ళీ 1,600. మొత్తం 3,850. పైగా తెలుగు పేరుకు ఇంకోసారి నలుపు. అవే 500 అట్టలు, మూడింతల ఖర్చు.

ఈ లెక్క చూశాక ఆమె ఫోను చేసింది. "పెద్దనాన్నా, వేరే దారి లేదా?" అంది. ఉంది. ఆ 500 ఎవరికని అడిగాను. ఊరూరా సరుకు వేసే టీ కొట్లకు, బస్టాండు బంకులకు అంది. "వాళ్ళకు తాత ఫోటో ఎందుకమ్మా, ఆల్బములోంచి ఒక మురుగన్ బొమ్మ తీసుకో, కింద మీ పేరు నలుపులో వేసి ఇస్తాం" అన్నాను. సొంత డిజైను దాని కన్నా అట్టకు చాలా తక్కువ పడింది. రేటు తగ్గించమని అడిగినవాళ్ళకు తగ్గినట్టే అయింది. మా వాడికీ నష్టం లేకపోయింది. కస్టమరు అడిగింది 500 అట్టలే. 500 తాత ఫోటోలు కాదు. మార్పు వచ్చినప్పుడు అది ఎందుకు కావాలో అడిగితే ఒక్కోసారి ఇట్లాంటి దారి దొరుకుతుంది.

ఆరోది మాత్రం కుదరదని చెప్పేశాం. దినసరి కాగితం ప్రతిదాని మీదా వాళ్ళ కొట్టు పేరు ఉండాలని ఇంటల్లుడికి చివర్లో తోచింది. 2000 కట్టలు, కట్టకు 365 కాగితాలు, అంటే 7,30,000 కాగితాలు. అది వేరే ఆర్డరు, వేరే కాలం, ఆల్బములు వచ్చే ఆడిలో మాట్లాడవలసిన పని. రేటు కూడా చెప్పలేదు. చెయ్యలేని దానికి భయపెట్టే రేటు చెప్పి తప్పించుకోవడం చాలామందికి అలవాటు. అది మంచిది కాదని నా అభిప్రాయం. ఎవరైనా పంతానికి ఆ రేటు ఒప్పుకుంటే ఏం చేస్తాం? "ఈ ఏడాది కాదు" అన్న ఒక్క మాట చాలు.

సరుకు డిసెంబరు మొదటి వారంలో కోవిల్‌పట్టి చేరింది. బిల్లులో 80,000 కింద మార్పు 3కు 900, మార్పు 4కు 700, ఆల్బము క్యాలెండర్లు వేరే వరుసలో. ప్రతి వరుస పక్కనా చీటీ నంబరు. ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

విరుదునగర్ అడ్రసుకు పోయిన 300 బిల్లులో వెయ్యలేదు. అల్లుడు వేద్దామన్నాడు, ఇప్పుడు నమ్ముతారు కదా అన్నాడు. నేను వద్దన్నాను. ఆ దినం "సరే" అన్నప్పుడు రేటు చెప్పలేదు. చెప్పని రేటు తర్వాత అడిగితే మిగతా చీటీలకు కూడా విలువ పోతుంది. మా వకీలు బంధువు ఒకాయన 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 62వ సెక్షను గురించి చెబుతుంటాడు. ఇద్దరూ ఒప్పుకొని ఒప్పందాన్ని మార్చుకుంటే పాత ఒప్పందం ప్రకారం నడవనక్కర్లేదని దాని సారం. అంటే మనం అన్న ఆ "సరే" కూడా ఒక ఒప్పుకోలే. అందులో డబ్బు మాట లేకపోతే తర్వాత దేన్ని చూపించి అడుగుతాం? 300 కోసం మనలో ఎవరూ కోర్టుకు పోరు, అది వేరే సంగతి.

చీటీ నమూనా అడిగిన ముగ్గురికీ ఇక్కడే ఇస్తున్నాను. మీ పనికి తగినట్టు మెట్ల పేర్లు మార్చుకోండి. కుట్టుపనిలో కొలత, కత్తిరింపు, కుట్టు, కాజాలు. బీరువాకు రేకు కోత, వంపు, వెల్డింగు, పెయింటు. ప్రతి మెట్టు దగ్గరా ఏది తిరిగి రాదో మీకే తెలుస్తుంది.

మార్పు నంబరు:
అడిగినవారు, తేదీ:
ఏమి మారాలి:
పని ఇప్పుడు ఏ మెట్టులో ఉంది:
అదనపు ఖర్చు:
ఎన్ని దినాలు ఆలస్యం:
ఒప్పుకుంటే నంబరుతో తిరిగి రాయండి. అప్పటిదాకా పాత ప్రకారమే పని నడుస్తుంది.

ఆ చివరి వాక్యం వదిలెయ్యకండి. అది లేకపోతే కస్టమరు ఆలోచించుకునేదాకా మిషను ఆపుకొని కూర్చోవాలి.

వాడిన ప్లేట్లు మామూలుగా అల్యూమినియం పాత సామానుకు తూకానికి పోతాయి. ఆ నీలం వెనక ఉన్న తాత ఫోటో ప్లేటు ఒకటి మాత్రం అల్లుడు పంపలేదు. బల్ల వెనక మేకుకు తగిలించాడు. సొంత డిజైను అని ఎవరైనా వస్తే ముందు దాన్ని తీసి వాళ్ళ చేతికిస్తాడు, రేటు ఆ తర్వాత చెబుతాడు.